కుక్కలకు వచ్చే మూర్ఛ: గుర్తులు, అప్పటికప్పుడు చేయవలసిన పని, మందు నడిపే తీరు



పాడి పశువును గురించి, గొర్రెను గురించి ఇక్కడ ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. ఈ పూట మన వాకిట్లో పడుకుని, రాత్రి తోట కాచే కుక్కను గురించి కొంచెం చెప్పదలచాను. మదనపల్లె చుట్టుపక్కల టమోటా తోటల్లో, పుంగనూరు పల్లెల్లోని గొర్రెల దొడ్లలో, కుప్పం వైపు పాడి ఇళ్లల్లో కుక్క లేని చోటు తక్కువ. ఆ కుక్కకు ఒకనాడు ఉన్నట్టుండి కాళ్లు బిగిసి, నురగ కక్కుతూ పడిపోతే మనవాళ్లు మొదట అనే మాట ఒకటే: 'పిచ్చి పట్టింది, కొట్టండి' అని. ఆ మాట మీద ప్రాణం పోయిన కుక్కల్లో కొన్నింటికి ఉండినది పిచ్చి కాదు, మూర్ఛ. మూర్ఛకు మందు ఉన్నది. అయితే పిచ్చికుక్క వ్యాధి అయితే మన ప్రాణానికే ముప్పు. కనుక ఈ రెండింటినీ వేరుచేసి చూడడం తెలిసి ఉండాలి. నేను పశువైద్యుణ్ణి కాను, డిప్లొమా చదివిన వ్యవసాయ విస్తరణ ఉద్యోగిని. పశువైద్యుల వద్ద నేర్చుకున్నదీ, ఒక రైతు ఇంట్లో రెండేళ్లుగా కళ్లారా చూచినదీ కలిపి చెబుతాను.

పుంగనూరుకు దగ్గరి పల్లెలో ఒక రైతు ఉన్నాడు. రెండెకరాల టమోటా, రెండు పాడి ఆవులు. ఆయన కుక్క పేరు నల్లోడు. వయస్సు మూడేళ్లు, తూకం ఇరవై కిలోలు. ఒక తెల్లవారుజామున ఆయన పాలు పిండడానికి లేచేసరికి నల్లోడు గాటిపాట పక్కన పడిపోయి ఉన్నాడు. ఆ రైతు నాతో చెప్పిన మాటలే చెబుతాను.

'సార్, ముందు రోజు సాయంత్రం నుంచీ వాడు ఒక తీరుగా ఉండినాడు. నా కాళ్ల సందునే తిరగతా ఉండినాడు. తెల్లారి చూస్తే పక్కకు పడి, నాలుగు కాళ్లూ కర్రల మాదిరి బిగబట్టి, తల వెనక్కి ఇరిచినాడు. ఆ పైన కాళ్లు కొట్టుకునేది మొదలాయ. నోట్లో నురగ, ఒంటేలు కూడా పోసేసినాడు. కండ్లు తెరిచే ఉండాయి గానీ నేను పిలిస్తే పలకలే. పక్కింటాయన దుడ్డుకర్ర ఎత్తుకోనొచ్చి పిచ్చి పట్టిండాది, కొట్టేద్దామనె. అంతలోకి వాడే లేచినాడు సార్. గోడకు గుద్దుకుంటా తిరిగినాడు, నన్ను గుర్తుపట్టలే. ఎండెక్కేసరికి మామూలుగా వచ్చి సంకటి తినినాడు.'

సోదరులారా, చదువుకున్న వైద్యుడు కూడా ఇంతకంటే బాగా మూర్ఛను వర్ణించలేడు. ఇందులో మూడు ఘట్టాలు ఉన్నవి. మొదటిది రాబోయే ముందు: కుక్క కలత పడుతుంది, యజమానిని అంటిపెట్టుకుంటుంది, లేదా మూలకు పోయి దాగుతుంది. ఇది అన్ని కుక్కల్లోనూ కనపడదు. రెండవది అసలు మూర్ఛ: స్మృతి తప్పుతుంది, ఒళ్లు బిగుస్తుంది, తరువాత కాళ్లు ఈతకొట్టినట్టు కొట్టుకుంటవి, చొల్లు కారుతుంది, మలమూత్రాలు తెలియకుండా పోతవి. సాధారణంగా ఇది ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తుంది, చూచేవారికి మాత్రం అరగంట అయినట్టుంటుంది. మూడవది తేరుకునే దశ: కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు, అరుదుగా ఒకటి రెండు రోజుల వరకు కుక్క తడబడుతుంది, కళ్లు కనపడనట్టు గుద్దుకుంటుంది, విపరీతంగా దాహం, ఆకలి వేస్తవి. ఆ తరువాత మామూలు కుక్కే. మూర్ఛ ఎక్కువగా కుక్క పడుకుని ఉన్నప్పుడో, నిద్రలోనో వస్తుంది. రాత్రి పూట, తెల్లవారుజామున చూచేది అందుకే.

అన్ని మూర్ఛలూ ఇంత పెద్దగా ఉండవు. కొన్ని కుక్కల్లో ముఖం ఒక పక్క మాత్రమే అదరడం, ఒక కాలు మాత్రమే కొట్టుకోవడం జరుగుతుంది. అటువంటిదీ మూర్ఛే కావచ్చును. అదే తీరుగా మళ్లీ మళ్లీ వస్తున్నదా అని గమనించాలి.

ఇప్పుడు పిచ్చికుక్క వ్యాధితో తేడా చూద్దాము. మూర్ఛ వచ్చిన కుక్క తేరుకున్న తరువాత మామూలుగా ఉంటుంది. యజమానిని గుర్తుపడుతుంది, తింటుంది, నీళ్లు తాగుతుంది. మళ్లీ మూర్ఛ వచ్చేదాకా వారాలు, నెలలు బాగుంటుంది. పిచ్చికుక్క వ్యాధి అట్లా కాదు. అది రోజురోజుకూ ముదురుతుందే గాని తగ్గదు. అరుపు మారుతుంది, కింది దవడ వేలాడుతుంది, మింగలేక చొల్లు కారుస్తుంది, కారణం లేకుండా కనపడినదాన్నెల్లా కరుస్తుంది, లేదా చీకటి మూలకు పోయి పడుకుంటుంది, వెనుక కాళ్లు పడిపోతవి. ఈ గుర్తులు మొదలైన కుక్క సాధారణంగా పది రోజుల లోపలే చచ్చిపోతుంది. అందులోనూ చివరలో ఫిట్లు రావచ్చును. కనుక టీకా వేయించని కుక్క, ఇంతకుముందు ఏనాడూ మూర్ఛ లేని కుక్క, ఇటీవల వేరే కుక్క కరిచిన కుక్క పడిపోతే, అది మూర్ఛేనని మీరే తీర్పు చెప్పుకోవద్దు. కర్రతో కొట్టవద్దు, చేతితో ముట్టవద్దు. తాకకుండా గదిలోకో దొడ్డిలోకో తోలి తలుపు వేసి పశువైద్యుణ్ణి పిలవండి. కుక్క పన్ను గాని, చొల్లు గాని మీ పుండుకు తగిలితే వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోండి. కుక్కకు మూర్ఛేనేమో, రెండు రోజులు చూద్దామని ఆగవద్దు.

మూర్ఛలాగా కనపడేవి ఇంకా మూడు ఉన్నవి. అవి మన ప్రాంతంలో మామూలే. ఒకటి పురుగుమందు విషం. టమోటాకు మందు కొట్టిన రోజున కుక్క ఆ డబ్బా నాకినా, మందు కలిపిన కుంటలో నీళ్లు తాగినా, కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలలో చొల్లు ధారగా కారుతుంది, వాంతి, విరేచనం అవుతవి, కంటిపాపలు చుక్కలాగా చిన్నవవుతవి, ఒళ్లంతా కండరాలు అదురుతవి, ఆ పైన ఫిట్లు వస్తవి. విషపు ఫిట్లు ఆగి ఆగి మళ్లీ వస్తవి, మధ్యలో కుక్క మామూలు కాదు. ఇంటి పక్క కుక్కకు కూడా అదే రోజు వస్తే విషమేనని అనుమానించాలి. మందు డబ్బా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. రెండు, డిస్టెంపరు అనే అంటువ్యాధి. టీకా లేని చిన్న కుక్కకు జ్వరం, కళ్లలో ముక్కులో చీము, దగ్గు వచ్చి, కొన్ని వారాలకు దవడ నమిలినట్టు ఆడడం, కాలు తాళం వేసినట్టు అదరడం మొదలవుతుంది. మూడు, ఈనిన ఆడకుక్కకు సున్నపు లవణం తగ్గడం. పిల్లలు పుట్టిన రెండు మూడు వారాలలో తల్లి రొప్పుతుంది, కాళ్లు బిగుస్తవి, ఒళ్లు కాలిపోతుంది. వైద్యుడు కాల్షియం ఇంజక్షను నరంలోకి నిదానంగా ఎక్కిస్తే గంటలోపలే లేచి తిరుగుతుంది. ఆలస్యమైతే చచ్చిపోతుంది.

ఇవి ఏవీ కానప్పుడు, ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య వయసులో మొదలై, రెండు మూర్ఛల మధ్యలో కుక్క పూర్తిగా మామూలుగా ఉండి, రక్తపరీక్షలో దోషం కనపడకపోతే, దానిని కారణం తెలియని మూర్ఛ అని వైద్యులు అంటారు. చాలావరకు అది వంశపారంపర్యంగా వచ్చేది. ఏడేళ్లు దాటిన కుక్కకు మొదటిసారి వస్తే మెదడులో గడ్డ, కాలేయ జబ్బు వంటివి వెదకాలి. వంశంలో నడిచే జబ్బు కనుక అటువంటి కుక్కను పిల్లలకు వదలకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించడం మంచిది.

ఇక మూర్ఛ వచ్చినప్పుడు ఏమి చేయాలి? మొదటి పని గడియారం చూడడం. ఎన్ని నిమిషాలు ఉన్నదనేదే మిగతా నిర్ణయాలన్నిటికీ ఆధారం. రెండవ పని కుక్క చుట్టూ ఉన్న ప్రమాదాన్ని తొలగించడం. పొయ్యి, మెట్లు, బావి గట్టు, ప్లాస్టిక్ పరచిన పంటకుంట దగ్గరలో ఉంటే వెనుక కాళ్లో, కింద వేసిన గోనెపట్టో పట్టుకుని పక్కకు లాగాలి. తల కింద మడిచిన గోనె పెట్టవచ్చును. పిల్లలను, ఇతర కుక్కలను దూరం తోలాలి. అంతే. నోట్లో చేయి పెట్టవద్దు. నాలుక మింగేస్తుందని భయపడి వేళ్లు పెట్టినవారికి పళ్లు దిగినవి. కుక్క నాలుక మింగదు. నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతవి. ఇనుప తాళంచెవి చేతిలో పెట్టడం, చెప్పు వాసన చూపడం, ఉల్లిగడ్డ నలిపి పెట్టడం వల్ల మూర్ఛ ఆగదు. రెండు నిమిషాలలో తనంతట తానే ఆగింది కనుక తాళంచెవి ఆపిందని అనుకుంటాము. అన్నిటికంటే చెడ్డది నుదుటిమీద, పక్కలమీద వాతలు పెట్టడం. వాత మూర్ఛను తాకదు, పుండును మాత్రం మిగులుస్తుంది.

మూర్ఛ ఆగిన తరువాత కుక్కను కొంతసేపు అట్లాగే పడుకోనివ్వాలి. గుర్తుపట్టని స్థితిలో మీద పడి దువ్వితే యజమానినైనా కరవవచ్చును. మెల్లగా పేరు పెట్టి పిలుస్తూ, తానుగా లేచి తిన్నగా నడిచిన తరువాతనే కొంచెం కొంచెంగా నీళ్లు, ఆ తరువాత తిండి ఇవ్వాలి.

ఇందులో ఆగడానికి వీలులేని సందర్భాలు రెండు. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, ఒక మూర్ఛ నుంచి తేరుకోకముందే ఇంకొకటి వచ్చినా, అది ప్రాణాపాయం. కండరాలు అంతసేపు కొట్టుకుంటే ఒంటి వేడి అతిగా పెరిగి మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటవి. పొట్టకు, పాదాలకు తడిగుడ్డ తుడుస్తూ, బండిలో గాలి తగిలేటట్టు వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకుపోవాలి. రెండవది, మూర్ఛకూ మూర్ఛకూ మధ్య తేరుకున్నా సరే, ఇరవైనాలుగు గంటలలో రెండు గాని అంతకు మించి గాని వస్తే ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఇటువంటి కుక్కలున్న ఇళ్లకు వైద్యులు డయజిపాం మందును ముందుగానే ఇచ్చి, సూది లేని సిరంజితో ఆసనద్వారం గుండా ఎట్లా ఎక్కించాలో చూపిస్తారు. వైద్యుడు మోతాదు రాసి, చూపించి ఇచ్చిన ఇంట్లోనే అది వాడాలి.

నల్లోడికి మొదటి మూర్ఛ వచ్చినప్పుడు నేను ఆ రైతుకు ఇచ్చిన సలహా ఒక నోటుపుస్తకం పెట్టమని. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ఆ ముందురోజు ఏమి తిన్నది, తోటలో ఏ మందు కొట్టినారు, ఎంతసేపటికి తేరుకున్నది. వాళ్ల అబ్బాయి ఫోనులో వీడియో కూడా తీసినాడు. ఆస్పత్రికి పోయేసరికి కుక్క మామూలుగా ఉంటుంది కదా, ఆ వీడియోయే వైద్యునికి కళ్లు. అయిదు వారాలకు రెండవ మూర్ఛ, ఆ పైన మూడు వారాలకు మూడవది వచ్చినవి. ఆరు నెలలలో రెండు మూర్ఛలు వస్తే, లేదా మొదటిసారే ఐదు నిమిషాలు దాటితే, లేదా ఒకే రోజు గుంపుగా వస్తే రోజువారీ మందు మొదలుపెట్టాలని వైద్యుల నియమం. ఏడాదికి ఒక చిన్న మూర్ఛ వచ్చే కుక్కకు సాధారణంగా మందు పెట్టరు.

నల్లోడికి వైద్యుడు ఫినోబార్బిటోన్ మాత్రలు రాసినారు. ఈ మందు మూర్ఛకు పనికివస్తుందని 1912లో జర్మనీ వైద్యుడు ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ మనుషుల్లో కనిపెట్టినాడు. నూరేళ్లు దాటినా కుక్కల మూర్ఛకు ఇప్పటికీ ముందుగా వాడే మందుల్లో ఇది ఒకటి. ఇది మత్తు మందుల చట్టం కింద ఉన్నది కనుక వైద్యుని చీటీ లేకుండా మందుల షాపువారు ఇవ్వరాదు. మొదటి మోతాదు కిలో బరువుకు రెండున్నర నుంచి మూడు మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. నల్లోడు ఇరవై కిలోలు, కిలోకు మూడు చొప్పున అరవై మిల్లీగ్రాములు. అంటే అరవై మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి.

ఈ మందు ఎట్లా పనిచేస్తుందో చెబితే మిగతాది తేలికగా అర్థమవుతుంది. మెదడులోని కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటవి. పంపేవి ఉన్నట్టే ఆపేవీ ఉన్నవి. మూర్ఛలో ఆ ఆపే శక్తి చాలక ఒకచోట మొదలైన సంకేతం ఎండుగడ్డికి నిప్పు అంటుకున్నట్టు మెదడంతా పాకుతుంది. ఫినోబార్బిటోన్ ఆ ఆపే శక్తికి బలమిస్తుంది. అది జబ్బును మూలంతో పెరికివేయదు. నిప్పు పాకకుండా చుట్టూ గడ్డి తడిపి ఉంచుతుంది, అంతే. తడి ఆరితే మళ్లీ పాకుతుంది.

ఆ తడి ఎంత ఉండాలనేది రక్తంలో మందు మట్టాన్ని బట్టి ఉంటుంది. మన చెరువును తలచుకోండి. కాలువ గుండా నీళ్లు రోజూ వచ్చి చేరుతవి, తూము గుండా రోజూ పోతూ ఉంటవి. మందు మాత్ర ఆ కాలువ. కాలేయం ఆ తూము. కొత్తగా మందు మొదలుపెట్టినప్పుడు చెరువు ఖాళీ. ఒక్కరోజులో నిండదు. వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం నిలబడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కనుక మొదటి వారంలో మూర్ఛ వచ్చిందని మందు పనికిరాదనుకోవడం తప్పు. రెండు వారాలు నిండిన తరువాత రక్తం తీసి మందు మట్టం చూస్తారు. లీటరు రక్తద్రవంలో పదిహేను మిల్లీగ్రాములకు తక్కువైతే చాలదు, ముప్పై అయిదు దాటితే కాలేయానికి చేటు. ఈ రెండు గట్ల మధ్య మట్టం ఉంచాలి. ఈ పరీక్ష పల్లెలో కాదు. రక్తం తీసి పెద్ద ఊళ్లలోని పరీక్షాలయాలకు పంపుతారు. చిక్కు కేసులకు మనవాళ్లు తిరుపతి పశువైద్య కళాశాల ఆస్పత్రికి గాని, కుప్పం వైపువారు రైలెక్కి బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలకు గాని పోవచ్చును.

మొదటి వారంలో ఆ రైతు నా దగ్గరికి వచ్చి, 'మందు వద్దు సార్, వాడు కల్లు తాగినోడి మాదిరి తూలతా ఉండాడు, రాత్రంతా నిద్రే, దొంగొచ్చినా లేచేటట్టు లేడు' అన్నాడు. అది ఈ మందుకు సహజమే. వెనుక కాళ్లు తూలడం, మత్తు రెండు వారాలలో చాలావరకు తగ్గుతవి. మెదడు అలవాటు పడుతుంది. కాని మందు ఉన్నంత కాలం ఎక్కువ దాహం, ఎక్కువ మూత్రం, తీరని ఆకలి మిగిలే ఉంటవి. ఆకలి చూచి జాలిపడి పెడుతూ పోతే కుక్క బలుస్తుంది. తిండి కొలత పెట్టాలి, నీటి తొట్టి మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచాలి. పదిహేనవ రోజుకు నల్లోడు తిన్నగా నడిచి తోటకు పోయినాడు. అప్పటి పరీక్షలో మట్టం ఇరవైనాలుగు. ఆ తరువాత రెండున్నర నెలలకు ఒక చిన్న మూర్ఛ వచ్చింది, ఒక నిమిషం లోపలే పోయింది.

మందుతో మూర్ఛలు పూర్తిగా పోయే కుక్కలు కొన్ని. చాలా కుక్కల్లో అవి తగ్గి, దూరం దూరం అవుతవి, పొట్టివి అవుతవి. పది కుక్కల్లో రెండు మూడింటికి ఎన్ని మందులు వాడినా సరిగా లొంగదు. ఇది ముందే తెలిసి ఉంటే, ఒక మూర్ఛ రాగానే మందును తిట్టి ఆపివేయము.

ఆపివేయడమంటారా, అక్కడే పెద్ద ప్రమాదం. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు ఇంటిల్లిపాదీ పోయి బంధువుల ఇంట్లో ఉండిపోయినారు. కుక్కకు సంకటి పెట్టమని పక్కింటివారికి చెప్పినారు గాని మాత్ర సంగతి చెప్పలేదు. మూడు రోజులు మందు పడలేదు. నాలుగవ రోజు నల్లోడికి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి మూర్ఛలు వచ్చినవి. రైతు నాతో, 'జాతర టపాసుల శబ్దానికి వచ్చింది సార్' అన్నాడు. నేను చెరువు లెక్క చెప్పినాను. కొన్ని నెలలు ఈ మందు వాడిన కుక్కకు మందు ఆగితే సుమారు ఒకటిన్నర రెండు రోజులలో రక్తంలోని మట్టం సగానికి పడుతుంది. ఇరవైనాలుగు పన్నెండు అవుతుంది. ఇంకో రెండు రోజులకు ఆరు. అడుగు గట్టు పదిహేను గదా! పైగా మందుకు అలవాటుపడిన మెదడుకు అది హఠాత్తుగా తగ్గడమే మూర్ఛను రేపుతుంది. తప్పు టపాసులది కాదు, మూడు రోజుల ఖాళీది. ఆ రోజు వైద్యుడు ఇంజక్షనుతో అదుపు చేసి, రాత్రి ఆస్పత్రిలో ఉంచుకుని పంపినారు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆవు పాలు పితికే వేళే మాత్ర వేళ. ఉదయం ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. పన్నెండు గంటల ఎడం దానంతట అదే కుదురుతుంది. రాగి సంకటిలో చిన్న ఉండ చేసి నడుమ మాత్ర దూర్చి ముందుగా అది మింగించి, మింగినది చూచిన తరువాతనే మిగతా తిండి. ఇంటిలో పది రోజుల మందు మిగిలి ఉండగానే కొత్త చీటీకి పోతారు. ఒక పూట మరిచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేయాలి. కాని తరువాతి పూట రెండు కలిపి వేయరాదు. ఆ మాత్రలను పిల్లలకు అందని పెట్టెలో దాచాలి, బిడ్డ మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

ఇంకొక చిక్కు పది నెలలకు వచ్చింది. ఒక పూట కూడా తప్పలేదు, అయినా మూర్ఛలు నెలకు ఒకటి చొప్పున మళ్లీ మొదలైనవి. రక్తం చూస్తే మట్టం పదహారు. అదే మాత్ర, మట్టం ఎందుకు పడింది? రెండు కారణాలు. నల్లోడు బలిసి ఇరవైనాలుగు కిలోలు అయినాడు, చెరువు పెద్దదైంది. రెండవది, ఈ మందు రోజూ వస్తూ ఉంటే కాలేయం దానిని ఇంకా వేగంగా విరిచివేయడం నేర్చుకుంటుంది. అంటే తూము తనంతట తానే వెడల్పు అవుతుంది. అందుకే ఒకసారి కుదిరింది కదా అని ఊరుకోకుండా మొదట ఆరు వారాలకు, ఆ తరువాత ప్రతి ఆరు నెలలకు రక్తం చూడమంటారు. వైద్యుడు పూటకు ఒకటిన్నర మాత్ర, అంటే తొంభై మిల్లీగ్రాములు చేసినారు. మందు ఒకటిన్నర రెట్లు పెరిగితే మట్టం కూడా సుమారుగా అంతే పెరుగుతుంది. పదహారు ఒకటిన్నర రెట్లు ఇరవైనాలుగు. రెండు వారాల తరువాత చూస్తే ఇంచుమించు అంతే వచ్చింది. ఈ లెక్క అర్థమైనదని మోతాదు మీరే మార్చవద్దు. ముప్పై అయిదు గట్టు దాటిన సంగతి బయటికి కనపడదు, రక్తంలోనే కనపడుతుంది.

అదే పరీక్షలో కాలేయం సంగతి కూడా చూస్తారు. నెలల తరబడి వాడిన కుక్క తిండి మానివేసినా, వాంతులు చేసుకున్నా, కళ్లు, చిగుళ్లు పసుపుపచ్చగా కనపడినా, మళ్లీ మత్తుగా తూలినా వెంటనే చూపించాలి. ఎందుకంటే ఈ మందు ఆకలి పెంచేది. ఆకలి పోయిందంటే అది మంచి గుర్తు కాదు. వేరే జబ్బుకు ఏ మందు వేయించినా 'మా కుక్క మూర్ఛ మందు మీద ఉన్నది' అని ముందుగా చెప్పాలి, కొన్ని మందులు తూమును మూస్తవి, కొన్ని తెరుస్తవి.

ఒక మందుతో లొంగని కుక్కకు పొటాషియం బ్రోమైడు గాని, లెవిటిరాసిటాం గాని జతచేస్తారు. బ్రోమైడును గురించి మన వంటింటికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ మందుకు తూము మూత్రపిండం, అదీ చాలా సన్నని తూము. మట్టం నిలబడడానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది. మూత్రపిండం ఉప్పునూ బ్రోమైడునూ వేరుచేసి చూడలేదు. ఊరగాయ అన్నం, ఉప్పుచేప తలలు తిన్న వారం ఉప్పుతోబాటు మందు కూడా కొట్టుకుపోయి మూర్ఛలు వస్తవి. ఉన్నట్టుండి ఉప్పు మానిపిస్తే మందు పేరుకుని కుక్క మత్తులో పడుతుంది. కనుక బ్రోమైడు తినే కుక్కకు ఉప్పు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు, రోజూ ఒకటే తిండి పెట్టాలి.

ఎప్పటిదాకా వాడాలి అని అడుగుతారు. చాలా కుక్కలకు బతికినంత కాలం. ఒకటి రెండేళ్లు ఒక్క మూర్ఛ కూడా లేకుండా గడిస్తే వైద్యుడు తగ్గించి చూడవచ్చును. అదీ నెలకు అయిదో వంతుకు మించకుండా, చాలా నెలలు పట్టి. ఆ మధ్యలో మూర్ఛ వస్తే మళ్లీ మొదటి మోతాదుకు పోతారు.

విస్తరణ పనిలో ఉన్న మిత్రులకు ఒక మాట. పల్లెలో కుక్క పడిపోయిందని కబురు వస్తే మనం అడగవలసినవి నాలుగే. ఎన్ని నిమిషాలు? తేరుకున్న తరువాత మామూలుగా తిన్నదా? పిచ్చికుక్క టీకా వేయించి ఎన్నాళ్లయింది? ఈ రెండు రోజుల్లో తోటలో ఏ మందు కొట్టినారు? ఈ నాలుగు జవాబులు కాగితం మీద రాసి రైతుతో పంపితే పశువైద్యుని పని సగం అయినట్టే. ఆస్పత్రి దూరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయించవచ్చును.

నల్లోడికి ఇప్పుడు అయిదేళ్లు. పోయిన ఆరు నెలలలో ఒక్క మూర్ఛ వచ్చింది, నోటుపుస్తకంలో అది ఒక నిమిషమని రాసి ఉన్నది. రాత్రి తోట కాస్తాడు, పంటకుంట వైపు పోకుండా రైతు కంచె వేసినాడు. దుడ్డుకర్ర ఎత్తుకుని వచ్చిన ఆ పక్కింటాయనే ఈసారి జాతరకు వీళ్లు పోయినప్పుడు రెండు పూటలా సంకటి ఉండలో మాత్ర పెట్టి మింగించినాడట.